ఆరున్నర లీటర్ల తెలివి

పదకొండేళ్లుగా నేను వంటింటి సామాన్ల షోరూములో డెమో చేస్తున్నాను. నల్ల ఏప్రన్ కట్టుకుని గాజు బల్ల వెనక నిలబడి, ఓవెన్లూ ఎయిర్ ఫ్రయర్లూ మిక్సీలూ ఎలా పనిచేస్తాయో చూపించడం నా ఉద్యోగం. ఈ పదకొండేళ్లలో మనుషుల తెలివి మీద నాకు గౌరవం పెరిగే సందర్భం ఒక్కటీ రాలేదు.

వచ్చిన ప్రతివాడూ ముందు అడిగేది ఒకటే, "ఇది ఎన్ని లీటర్లండీ?" అని. ఏదో అందులో పాలు పోసుకుని ఇంటికి మోసుకుపోయేవాడిలా అడుగుతాడు. నేను అంకె చెప్తాను. పెద్దదైతే తల ఊపుతాడు, చిన్నదైతే పెదవి విరుస్తాడు. ఆ లీటర్లలో తన ఇంట్లో ఉన్న కేకు టిన్ను పడుతుందా లేదా అని అడిగినవాళ్లు ఏడాదికి ఇద్దరో ముగ్గురో. నూనె లేకుండా వేయిస్తుందని ఎయిర్ ఫ్రయర్ కొనేవాళ్లయితే బిల్లు చేతికి రాకముందే నాలుగు కిలోలు తగ్గిపోయినట్టు మొహం పెడతారు. ఓటీజీ అనే కరెంటు ఓవెన్ కొనేవాళ్లు దాంతో వచ్చే, మాంసం గుచ్చి కాల్చే ఇనుప చువ్వని చేత్తో తిప్పి తిప్పి చూసి మురిసిపోతారు. జన్మలో ఒక్కసారి కూడా దాన్ని వాడరు. వీళ్లందరికీ నేను నవ్వుతూ సమాధానం చెప్తాను. అడిగినదానికి మాత్రమే చెప్తాను. అడగనిది చెప్పి మెప్పించాల్సినంత గొప్పవాళ్లు నాకెప్పుడూ తగల్లేదు.

ఇలాంటివాళ్లందరినీ కలిపి ఒక మనిషిగా పోతపోస్తే అది మా మరిది.

మేం ఉండేది ఒకే బిల్డింగులో. మేం రెండో అంతస్తు, మరిదీ అతని భార్యా మూడో అంతస్తు. మా మరిది ఏదో కంపెనీలో కూర్చుని గళ్ల గళ్ల పట్టికలు తయారుచేస్తుంటాడు. అలవాటైన చెయ్యి కాబట్టి ఇంట్లో కూడా పట్టిక లేనిదే తువ్వాలు కొనడు. పోయినేడు పరుపు కొనడానికి పంతొమ్మిది గడుల పట్టిక వేశాడు. ఆ పరుపు మీద పడుకుని నడుం పట్టేసి ఇప్పటికీ కుంటుతున్నాడు. అయినా పట్టిక తప్పని ఒప్పుకోడు, నడుందే తప్పంటాడు.

అతని భార్య, అంటే మా తోడికోడలు, నెమ్మది మనిషి. కేకులు బాగా చేస్తుంది. బాగా అంటే ఇంట్లోవాళ్లు మొహమాటానికి అనే బాగా కాదు. రెండేళ్లుగా మొదటి అంతస్తు ఆంటీ ఓవెన్లో చేసుకుంటూ వచ్చింది. ఈ మధ్య ఆ ఆంటీ ఇల్లు మారిపోయింది, ఓవెనూ ఆవిడతోనే పోయింది. సరిగ్గా అప్పుడే మా వీధి మలుపులో ఉన్న కాఫీ షాపు ఆవిడ మా తోడికోడలికి ఒక మాట ఇచ్చింది. శనివారం పొద్దున పదింటికి ఎనిమిది అంగుళాల బటర్ కేకులు రెండు తెచ్చి చూపించాలి. రెండూ ఒకే ఎత్తు, ఒకే రంగు ఉండాలి, ఒక్కోటి పది సమానమైన ముక్కలుగా తెగాలి. నచ్చితే వారానికి నాలుగు రోజులు కేకులు ఆమె దగ్గరే తీసుకుంటుంది. నచ్చకపోతే వరసలో ఇంకొకామె ఉంది.

ఆ ఇంట్లో మా తోడికోడలు చేసే ప్రతి పనికీ మా మరిది మార్కులు వేస్తాడు. ఉతికిన చొక్కాకి, మడత పెట్టిన దుప్పటికి, అన్నిటికీ. కేకు ఒక్కటే అతనికి తెలియని విషయం. అందుకే ఆ ఆర్డరు ఆమెకి ఎంత కావాలో నాకు తెలుసు. ఆ మాట చెప్పడానికి మా ఇంటికి వచ్చిన రోజు ఆమె కుర్చీలో కూర్చోలేక నిలబడే చెప్పింది.

ఇక ఓవెన్ కొనాలి. ఆదివారం మధ్యాహ్నం మా మరిది అందర్నీ పైకి పిలిచాడు. టీవీలో పట్టిక పెట్టాడు. ఎడం పక్క ఎయిర్ ఫ్రయర్, కుడి పక్క ఓటీజీ, మధ్యలో ఇరవై రెండు గడులు. మా ఆయన సోఫాలో ఓ మూలకి ఒరిగి నిద్రకి ఉపక్రమించాడు. ఆ గదిలో తెలివైన పని చేసింది ఆయనొక్కడే.

"వదినా, మీరు ఏమనుకోకండి," అన్నాడు మా మరిది. "మీరు షాపులో ఉంటారు కదా, మీకు అమ్మే సరుకు మీద ఇష్టం ఉంటుంది. అందుకే మిమ్మల్ని అడక్కుండా నేనే స్టడీ చేశాను. నిష్పక్షపాతంగా ఉంటుందని."

"మంచి పని చేశావు," అన్నాను. పదకొండేళ్ల అనుభవాన్ని నా మొహం మీదే పక్కన పెట్టాడు కదా. ఆ క్షణంలోనే నేను నోటికి తాళం వేసుకున్నాను.

మొదటి గడి ఉష్ణోగ్రత. ఎయిర్ ఫ్రయర్‌కి అంకెలు కనబడే తెర ఉంది, ఐదేసి డిగ్రీల చొప్పున పెంచుకోవచ్చు, మూడు నిమిషాల్లో వేడెక్కుతుంది. ఓటీజీకి చేత్తో తిప్పే గుండ్రటి మీట, వేడెక్కడానికి పావుగంట. కాబట్టి ఎయిర్ ఫ్రయర్‌కి పదికి తొమ్మిది, ఓటీజీకి నాలుగు. వేడి ఎటు నుంచి వస్తుందన్న గడి మాత్రం పట్టికలో లేదు. ఎయిర్ ఫ్రయర్‌లో కాయిల్ నెత్తిమీద ఉంటుంది, దాని పైనుంచి ఫ్యాను వేడిగాలిని కిందకి కొడుతుంది. ఓటీజీలో పైనా కిందా రాడ్లుంటాయి, కేకు రెండు వైపుల నుంచీ నెమ్మదిగా కాలుతుంది. ఈ ముక్క నాకు నిద్రలో లేపి అడిగినా తెలుసు. అడగలేదు, చెప్పలేదు.

రెండోది బ్రాండ్. అతను ఎంచుకున్న ఎయిర్ ఫ్రయర్ పేరు నేనెప్పుడూ వినలేదు. మా షాపుకొచ్చేవాళ్లు ఎయిర్ ఫ్రయర్ అంటే ఫిలిప్స్ అనీ, ఓటీజీ అంటే మోర్ఫీ రిచర్డ్స్ అనీ పేరు పెట్టి అడుగుతారు. వాళ్లకీ ఎందుకో తెలియదు, పక్కింట్లో ఉందని అడుగుతారు. మా మరిది అంతకంటే పై మెట్టు. అతను ఆన్‌లైన్‌లో కొన్నవాళ్లు మెచ్చి వేసే చుక్కలు లెక్కపెట్టాడు. నాలుగు పాయింట్ ఆరు చుక్కలు వచ్చాయట. ఆ చుక్కలు వేసినవాళ్లలో సగం మంది పెట్టె విప్పిన రోజే వేశారని, రెండేళ్ల తర్వాత కాయిల్ కాలిపోతే కొత్తది ఎక్కడ దొరుకుతుందో వాళ్లకీ తెలియదని అతనికి తట్టలేదు.

మూడోది కెపాసిటీ. ఇక్కడ మా మరిది తన మేధస్సుకి పట్టాభిషేకం చేసుకున్నాడు.

"నా టిన్ను ఎనిమిది అంగుళాలు," అంది మా తోడికోడలు నెమ్మదిగా. "ఎయిర్ ఫ్రయర్ బుట్టలో పడుతుందా?"

"బుట్ట పైన ఎనిమిదిన్నర ఉందని రాశారు. పడుతుంది. అయినా నువ్వు అంగుళాలు చూస్తున్నావు, నేను వాల్యూమ్ చూశాను. ఒక కేకు పిండి ఎంత?"

"లీటరుకి కొంచెం పైన ఉంటుందేమో."

"లీటరుంపావు అనుకో. రెండు కేకులకి రెండున్నర. ఇది ఆరున్నర లీటర్లు. రెండు కేకులూ పోగా నాలుగు లీటర్లు మిగులుతుంది. ఓటీజీ ఇరవై ఎనిమిది లీటర్లు. ఇరవై ఐదున్నర లీటర్లు ఉత్తి గాలిని వేడి చేయడానికి కరెంటు తగలెయ్యాలా?"

పిండిని బకెట్లో నీళ్లలా లెక్కేశాడు. కేకు ఒక టిన్నులో ఉంటుందని, ఆ టిన్నుకి అంచుంటుందని, ఆ అంచు చుట్టూ గాలి తిరగాలని, బుట్టలు కిందికి వచ్చేకొద్దీ ఇరుకవుతాయని, కేకు పొంగి కాయిల్ దగ్గరికి లేస్తుందని, ఇన్ని విషయాల్లో ఒక్కటీ అతని దగ్గరికి వచ్చే సాహసం చెయ్యలేదు. నేను కిటికీ వైపు తిరిగి నవ్వు ఆపుకున్నాను. చాలా హాయిగా ఉంది. రేపు ఇతని మొహం మాడిపోతుంటే చూడాలి అనుకున్నాను.

మెట్లు దిగుతుంటే మా తోడికోడలు వెనకే వచ్చింది. మా గుమ్మం ముందు నా మోచెయ్యి పట్టుకుంది.

"అక్కా, మీరేమంటారు? ఎయిర్ ఫ్రయర్‌లో అవుతుందా?"

అప్పుడు నేను ఒక్క మాట అంటే సరిపోయేది. అవదమ్మా, ఓటీజీ తీసుకో, నీ టిన్ను పట్టుకుని రేపు షాపుకి రా. అంతే. కానీ ఆమె వెనక నాకు మా మరిది మొహమే కనబడుతోంది.

"మీ ఆయన అంత స్టడీ చేశాడుగా," అన్నాను. "నేనెవర్ని చెప్పడానికి? అమ్మేదాన్ని."

ఆమె చెయ్యి వదిలేసి పైకి వెళ్లింది.

బుధవారం ఎయిర్ ఫ్రయర్ వచ్చింది. ఆ సాయంత్రమే ఎనిమిది అంగుళాల టిన్ను బుట్టలో సగం దాకా దిగి ఇరుక్కుపోయింది. పైన ఎనిమిదిన్నర ఉన్న మాట నిజమే. అడుగున ఏడున్నర. మా మరిది నీళ్లు నమలలేదు. వెంటనే కొత్త గడి వేసి, ఏడు అంగుళాల టిన్నులు తెప్పించాడు. పిండి కొలత మార్చక్కర్లేదు, కేకు కొంచెం ఎత్తు వస్తుంది, కాఫీ షాపు ఆవిడ సంతోషిస్తుంది అన్నాడు.

శుక్రవారం మధ్యాహ్నం నాకు సగం పూట సెలవు. భోజనం చేసి పైకి వెళ్లాను. సాయం చేద్దామని వెళ్లలేదు, వేడుక చూద్దామని వెళ్లాను. ఇది ఇప్పుడు ఒప్పుకోవడంలో నాకు నామోషీ లేదు, అప్పుడు ఉండాల్సింది.

వంటింటి గట్టు మీద అప్పటికే రెండు కేకుల శవాలున్నాయి. మొదటిది నూట ఎనభై డిగ్రీల్లో పెట్టిందట. పన్నెండు నిమిషాలకే పైభాగం నల్లబడింది, లోపల టూత్‌పిక్ గుచ్చితే పిండి కారింది. ఎనిమిది అంగుళాల పిండిని ఏడు అంగుళాల్లో పోస్తే అది ఎత్తు పెరిగి నెత్తిమీది కాయిల్‌కి ముద్దు పెట్టబోదా మరి. రెండోదాన్ని నూట అరవైలో పెట్టి పైన ఫాయిల్ కప్పింది. ఫ్యాను గాలికి ఫాయిల్ లేచిపోయి కాయిల్‌కి అతుక్కుంది. మూడోసారి ఫాయిల్‌ని అంచు కింద మడిచి బిగించి, నూట యాభైకి తగ్గించి, గంట సేపు ఉంచింది. అది లోపల కాలింది కానీ పక్కలు బిస్కెట్టులా గట్టిపడ్డాయి, నెత్తి మీద బీట ఇచ్చింది.

మా మరిది బీటలోకి తొంగిచూసి, "టేస్ట్ బావుంటే చాలు కదా," అన్నాడు.

"రెండు కావాలి," అంది మా తోడికోడలు. "ఒకేలాంటివి రెండు. ఎనిమిది అంగుళాలవి." ఆమె గొంతు పెంచలేదు. చేతులకున్న పిండి తుడుచుకోవడం కూడా మర్చిపోయి నిలబడింది.

అతను మొదటిసారి నా వైపు చూశాడు. "వదినా, మీ షాపులో ఓటీజీ ఏదైనా..."

ఆ మాట కోసమే కదా నేను ఐదు రోజులు ఎదురుచూసింది. కళ్లు నెత్తికెక్కాయి నాకు. ఫోన్ తీసి మా మేనేజరుతో మాట్లాడాను. గంటలో ఆటో ఎక్కి, డెమోకి వాడే ఇరవై ఎనిమిది లీటర్ల ఓటీజీని వెంటబెట్టుకుని వచ్చాను. ఆరేళ్లుగా నా చేతిలో ఉన్న ఓవెన్ అది. దానిలో కప్ కేకులు పద్నాలుగు నిమిషాల్లో చేసి చూపిస్తాను. మిగతా షాపుల్లో ఇరవై నిమిషాలు పడుతుంది. జనం నోరు తెరుచుకుని చూస్తారు.

గోడకి జానెడు దూరంలో పెట్టి, పెద్ద ప్లగ్గుకి తగిలించాను. పైనా కిందా రాడ్లు రెండూ వేశాను, మీట నూట ఎనభైకి తిప్పాను. ఎనిమిది అంగుళాల టిన్ను లోపల పెట్టి చూపించాను. చుట్టూ మూడేసి వేళ్లు పడుతున్నాయి.

"చూశావా," అన్నాను మా మరిదితో. "ఇదీ కెపాసిటీ అంటే. ఒక్కోసారి ఒక్కటే పెట్టాలి. మొదటిది కాలుతున్నప్పుడు రెండోదానికి పిండి కలుపుకోవాలి. ముందే కలిపి ఉంచితే పొంగు చచ్చిపోతుంది. ఇవన్నీ నీ పట్టికలో ఏ గడిలో ఉన్నాయి?"

అతను ఫోన్లో పట్టిక తీసి పైకీ కిందికీ జరిపాడు. నాకు ఆ వెతుకులాట ఎంత రుచిగా ఉందో చెప్పలేను.

మా తోడికోడలు సొరుగులోంచి ఒక చిన్న గుండ్రటి వస్తువు తీసింది. "అక్కా, కింది ఆంటీ వెళ్తూ ఈ ఓవెన్ థర్మామీటర్ ఇచ్చి వెళ్లారు. లోపల పెట్టి ఒక్కసారి చూద్దామా? ఆవిడ ఓవెన్ ఎప్పుడూ మీట మీద ఉన్నంత ఉండేది కాదు. ఇరవై డిగ్రీలు తేడా చూపించేది."

"అది ఆవిడ ఓవెన్," అన్నాను. "ఇది నాది. జ్వరం వచ్చినవాళ్లకి పెట్టు థర్మామీటర్. మీట పక్కన ఈ లైటు ఆరిందంటే నూట ఎనభై వచ్చినట్టే."

"ఐదు నిమిషాలే అక్కా."

"నాకు పదకొండేళ్లు," అన్నాను.

ఆమె థర్మామీటర్‌ని సొరుగులో పెట్టేసింది. లైటు ఆరగానే కేకు పెట్టించాను. ఇరవై నిమిషాలకి అది మధ్యలో గుట్టలా లేచింది. పాతికకి గుట్ట మీద పగులు వచ్చింది. ముప్పైకి రంగు ముదిరింది, లోపల ఇంకా తడి. నేను ఫాయిల్ కప్పమన్నాను, మీట తగ్గించమన్నాను, కింది మెట్టులోకి దించమన్నాను. తోచిందల్లా అన్నాను. మా మరిది ఫాయిల్ చింపి అందించాడు, వెక్కిరించినా నేను బతికేదాన్ని. రెండోది ఇంకో గంటకి వచ్చింది. దానికీ అదే గుట్ట, అదే పగులు. ఒకేలాంటివి రెండు కావాలన్న కోరిక మాత్రం ఆ విధంగా తీరింది.

శనివారం పొద్దున మా తోడికోడలు ఆ గుట్టలని కత్తితో చదును చేసి డబ్బాలో పెట్టుకుంది. నేనూ వెంట వెళ్లాను. కాఫీ షాపు ఆవిడ కళ్లజోడు నుదుటి మీదకి తోసి, కత్తి పెట్టి కోసింది. మొదటి ముక్క అడుగున పచ్చిగా జిగురు గీత కనబడింది. ఆవిడ ముక్కని వేలితో నొక్కి, ప్లేటు వెనక్కి తోసింది.

"చెయ్యి మంచిదే," అంది. "పైన ఎక్కువ కాలింది, లోపల తక్కువ కాలింది. వచ్చే శనివారం ఇంకొకామె తెస్తోంది. ఆ పై శనివారం మీరు ఇంకోసారి తెండి. అదే ఆఖరు. నేను రోజూ ఇలా కోసుకుంటూ కూర్చోలేను."

మా తోడికోడలు సరేనంది. దారిలో ఏడవలేదు. ఏడిస్తే ఓదార్చడానికి నేను మాటలు సిద్ధం చేసుకున్నాను కూడా. అవి నా దగ్గరే మిగిలిపోయాయి.

మధ్యాహ్నం ఓవెన్ తీసుకెళ్దామని పైకి వెళ్తే, అది వెలుగుతోంది. ఆమె దాని ముందు పీట వేసుకుని కూర్చుంది. అద్దంలోంచి లోపల థర్మామీటర్ కనబడుతోంది. మీట నూట ఎనభై దగ్గరుంది. ముల్లు రెండు వందల పన్నెండు దగ్గరుంది. నన్ను చూసి, నువ్వే చదువుకో అన్నట్టు ఆమె కొంచెం పక్కకి జరిగింది.

ఆరేళ్లుగా నేను గొప్పగా చెప్పుకున్న పద్నాలుగు నిమిషాలకి కారణం ఆ ముప్పై రెండు డిగ్రీలు. చిన్న కప్ కేకు మంట ఎక్కువైనా గబుక్కున కాలిపోయి బయటపడుతుంది. ఎనిమిది అంగుళాల కేకు మధ్యకి వేడి చేరేలోపు పైభాగం మాడుతుంది. ఇది నాకు తెలియని విషయం కాదు, నేనే ఎందరికో చెప్పిన విషయం. నా ఓవెన్‌కి కూడా అది వర్తిస్తుందని మాత్రం నేననుకోలేదు. మా మరిది లీటర్లు చూసి మోసపోయాడు, నేను మీట చూసి మోసపోయాను. ఇద్దరం కలిసి ఆమె శనివారాన్ని తినేశాం. అతన్ని తక్కువగా చూడటానికి నాకు కావాల్సినంత సరుకు ఇంకా ఉంది, కానీ ఆ రోజు ఎంత వెతికినా చేతికి రాలేదు.

సోమవారం పదకొండున్నరకి ఆమె మా షోరూముకి వచ్చింది. ఒంటరిగా. భుజానికి గుడ్డ సంచి. అందులోంచి ఎనిమిది అంగుళాల టిన్నులు రెండు, థర్మామీటర్, ఒక చిన్న నోటుబుక్కు తీసి గాజు బల్ల మీద పెట్టింది.

"మూడు ఓటీజీలు ఆన్ చేసి చూపిస్తారా అక్కా? ఒక ముప్పైఐదు లీటర్లు, ఒక నలభై, ఒక అరవై."

చేశాను. పెద్దదానిలో టిన్నులు రెండూ పట్టాయి కానీ అంచులు గోడలకి ఆనుకుంటున్నాయి. ఆమె వేలు దూర్చి చూసింది, దూరలేదు. "ఇది వద్దు. గాలి తిరగదు. అరవై లీటర్లు వేడి చేసి రెండూ పాడుచేసుకోవడం కంటే ఒకటి తర్వాత ఒకటి నయం," అని నోటుబుక్కులో కొట్టేసింది. ఆ పెద్దదాన్ని నేను వారానికి ముగ్గురికి అమ్ముతాను, ఏ ఒక్కరూ వేలు దూర్చలేదు.

మిగతా రెండూ ఒకదాని తర్వాత ఒకటి నూట ఎనభైలో పెట్టి, తలుపు తియ్యకుండా అద్దంలోంచి ఐదేసి నిమిషాలకి ఒకసారి ముల్లు చదివి చెప్పమంది. నేను చదివాను, ఆమె రాసుకుంది. నలభై లీటర్లది ఒకసారి రెండు వందలకి పోయింది, ఇంకోసారి నూట అరవైఐదుకి దిగింది, మళ్లీ ఎక్కింది. ముప్పైఐదు లీటర్లది వేడెక్కాక నూట డెబ్బై దగ్గర కూర్చుని దాదాపు అక్కడే ఉంది.

"నలభై లీటర్లది సగటున కరెక్టుగా ఉన్నట్టే కదా," అన్నాను. "ఇది పది తక్కువ చూపిస్తోంది."

"ఎప్పుడూ పదే తక్కువైతే నేను మీట పది ఎక్కువ తిప్పుకుంటాను. అది రోజుకో రకంగా ఉంటే నేనేం చెయ్యగలను?" అంది.

తర్వాత ఆ కంపెనీ సర్వీసు సెంటరు నంబరు అడిగింది. మా కౌంటరు ఫోనులోంచే చేసి, రాడ్డు పోతే దొరుకుతుందా, వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ విడిగా మారుస్తారా, మనిషి ఎన్ని రోజుల్లో వస్తాడు, అని మూడు ప్రశ్నలు వేసి జవాబులు రాసుకుంది. చుక్కల గురించి అడగలేదు. మా మరిది ఎయిర్ ఫ్రయర్ ఏమైందని నేనడిగితే, "ఉంది. ఆలుగడ్డలు వేయించుకుంటున్నారు. దానికి బావుంది. కుకీలు కూడా ఆరేసి చొప్పున బాగానే వస్తున్నాయి," అంది. కోపమేమీ లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది.

ముప్పైఐదు లీటర్లదాన్ని చివరిసారిగా చూడటానికి ఇంకో పది నిమిషాలు ఉంచమంది. ఇద్దరం దాని ముందు నిలబడ్డాం. షాపులో ఇంకెవరూ లేరు. ఆమె అద్దం వైపే చూస్తూ అడిగింది.

"అక్కా, ఆ రోజు మెట్ల దగ్గర అడిగాను కదా. టిన్ను ఆ బుట్టలో పట్టదని మీకు అప్పుడే తెలుసా?"

అబద్ధం ఆడటానికి నా దగ్గర చాలా మాటలున్నాయి. రోజంతా వాటితోనే బతుకుతాను. మోడల్ చూడందే చెప్పలేమమ్మా, ఒక్కో కంపెనీ ఒక్కోలా చేస్తుంది, ఇలాంటివి. ఏదీ నోటి దాకా రాలేదు.

"తెలుసు," అన్నాను.

ఆమె తల ఊపింది. నన్ను తిడుతుందని చూశాను. తిట్టలేదు.

"ఐదు నిమిషాలయింది," అంది. "ఎంతుందో చదవండి."

"నూట డెబ్బై."

రాసుకుంది.

ఆ పై శనివారం, ఆమె కొనుక్కెళ్లిన ముప్పైఐదు లీటర్లదానిలో రెండు కేకులూ ఒకే ఎత్తున, ఒకే రంగున వచ్చాయి. కాఫీ షాపు ఆవిడ కోసి, తిని, కళ్లజోడు కిందికి దించుకుని ఇంకోసారి చూసిందట. ఇప్పుడు మా తోడికోడలు వారానికి నాలుగు రోజులు పొద్దున్నే డబ్బాలు పట్టుకుని మెట్లు దిగుతుంది. మా గుమ్మం ముందు ఆగి, అక్కా బావున్నారా అంటుంది. మా మరిది ఆమె విజయాన్ని కూడా పట్టికలో ఎక్కించుకున్నాడు, సరైన ఓవెన్ దిశగా తన పరిశోధన మొదటి మెట్టని చెప్పుకు తిరుగుతున్నాడు. అతన్ని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది, అందులో మార్పేం లేదు.

షాపులో మాత్రం ఎవరైనా ఎన్ని లీటర్లని అడిగితే, ముందు మీ ఇంట్లో ఉన్న టిన్ను కొలత చెప్పండి అంటున్నాను. అడక్కపోయినా చెప్తున్నాను. థర్మామీటర్ ఒకటి కొనుక్కోండి అంటున్నాను. సగం మందికి విసుగు. ఈవిడకి చాదస్తం ఎక్కువైందని మా మేనేజరు అంటున్నాడు.

మా తోడికోడలు ఆ రోజు తర్వాత ఓవెన్ గురించి గానీ, మరే దాని గురించి గానీ, నన్ను మళ్లీ ఏదీ అడగలేదు.